ఆరుగురికి వంట

మా అక్కని తెనాలి ఇచ్చారు. బావగారిది పెళ్ళివంటల కుటుంబం. వాళ్ళ నాన్నగారి కాలంలో గరిటెలు సైకిలుకి కట్టుకుని అమృతలూరు, చెరుకుపల్లి దాకా పోయి వండి వచ్చేవారట. బావగారి కాలానికి దాన్ని క్యాటరింగ్ అనడం మొదలుపెట్టారు. వ్యాను వచ్చింది, వడ్డించే కుర్రాళ్ళకి ఒకే రంగు చొక్కాలు వచ్చాయి, విజిటింగ్ కార్డు వచ్చింది. వంట మాత్రం ఎప్పటి వంటే. పెళ్ళివారి దొడ్లో గాడిపొయ్యి తవ్వి, దానిమీద గుండిగలు ఎక్కించి, పంచె ఎగ్గట్టి ఆయనే నిలబడేవారు.

ఆయన గురించి మా వైపు ఒక మాట స్థిరపడిపోయింది. అది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రాస్తున్నాను.

నేను బాపట్లలో కంప్యూటర్ సెంటర్ పెట్టి, రెండేళ్ళు నడిపి, మూసేశాను. ఊరికే ఇంట్లో కూర్చున్నవాణ్ణి అక్కే తెనాలి రమ్మంది. బావగారి దగ్గర ఫోన్లు చూసుకోవడం, సరుకులు తెప్పించడం, వ్యాను మాట్లాడడం నా పనులయ్యాయి. వంట దగ్గరికి నన్ను రానిచ్చేవారు కాదు. నాకూ రావాలని లేదు. చదువుకున్నవాణ్ణి అన్న బింకం ఒకటి ఉండేది.

ఆ పనిలో మనుషుల్ని మనుషులుగా లెక్కపెట్టరు, ఆకులుగా లెక్కపెడతారు. పెళ్ళివారు ఫోను చేస్తే బావగారు అడిగే మొదటి మాట, "ఎన్నాకులండీ?" ఐదువందల ఆకులకి ఎంత ఉప్పో, వెయ్యి ఆకులకి ఎంతో ఆయన చేతికే తెలుసు. కాగితం ఉండేది కాదు, కొలపాత్ర ఉండేది కాదు. గుండిగ చుట్టూ ఒకసారి తిరిగి, ఆవిరి ముఖానికి పట్టించుకుని, దోసిట్లో ఉప్పు తీసుకుని, ఒకసారి ఆగి, వేసేవారు. అంతే. రుచి చూసేవారు కాదు. మొదటి ఆకు దేవుడిది, అది పక్కన వడ్డించాకే ఎవరైనా నోట్లో పెట్టాలి అని వాళ్ళ నాన్నగారు పెట్టిన నియమం. ఉప్పు ఎక్కువైందనిగానీ తక్కువైందనిగానీ ఏ బంతిలోనూ ఎవరూ అనగా నేను వినలేదు. పిట్టలవానిపాలెంలో ఒక రైతు తన ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ ఆయన్నే పిలిచాడు. మూడోసారి వచ్చినప్పుడు, "మీరు వంటకి కుదిరాకే సంబంధం చూడ్డం మొదలెట్టానండి" అన్నాడు.

రెండువేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు అధికమాసం, మూఢం, ఆషాఢం ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. మధ్యలో మిగిలిన కొద్దిపాటి ముహూర్తాలకి ఊళ్ళో ఉన్న వంటవాళ్ళందరూ పోటీపడ్డారు. పెళ్ళివంటలవాళ్ళకి మూఢం కొత్తేమీ కాదు. కానీ నెలల తరబడి పొయ్యి వెలగకపోతే మనుషులు నిలవరు. బావగారి దగ్గర పదిమంది వరకూ ఉండేవాళ్ళు. ఒకతను విజయవాడలో హోటల్లో చేరిపోయాడు. ఇంకొకతను రేపల్లెలో కర్రీ పాయింట్ పెట్టుకుంటానన్నాడు. బావగారికి కుడిభుజంలాంటి పెద్ద వంటాయన ఉండేవాడు, ఇరవయ్యేళ్ళుగా ఆ గుండిగల పక్కనే ఉన్న మనిషి. ఆయన కూడా ఏదో చెప్పబోయి ఆగిపోతున్నాడని బావగారికి అర్థమైంది. మనుషులు చెదిరిపోతే, శ్రావణంలో ముహూర్తాలు వచ్చినా వండడానికి ఎవరూ ఉండరు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. కంపెనీలకి మూఢం ఉండదు కదా. ఉద్యోగుల పుట్టినరోజులని, ఫ్యామిలీ డే అని, యాన్యువల్ డే అని వాళ్ళు భోజనాలు పెట్టిస్తూనే ఉంటారు. ఆ ఏర్పాట్లు చూసేది హెచ్ఆర్ వాళ్ళు. వాళ్ళకి ఈమెయిల్ పెడితే?

బావగారు నవ్వారు. "మనమెవరో వాళ్ళకి తెలీదు, వాళ్ళెవరో మనకి తెలీదు. పిలవని పేరంటానికి ఉత్తరమెందుకురా?" అన్నారు. అక్క మాత్రం, "రాయనివ్వండి, ఖాళీగా కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు" అంది.

స్టేషన్ రోడ్డులో ఒక నెట్ సెంటర్ ఉండేది. అక్కడ నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఆదివారం పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చించి తెచ్చుకుని అందులో ఉన్న చిరునామాలు రాసుకున్నాను. కంపెనీల వెబ్‌సైట్లలో 'మమ్మల్ని సంప్రదించండి' అన్న చోట దొరికినవి రాసుకున్నాను. హైదరాబాదువి ఎక్కువ, విజయవాడ, గుంటూరువి కొన్ని. ఉత్తరం రాయడం రాలేదు. వ్యాపారపు ఇంగ్లీషు నాకు అలవాటు లేదు. హైదరాబాదులో ఒక పెద్ద క్యాటరింగ్ సంస్థ వెబ్‌సైటు తెరిచి, అందులో వాక్యాలు అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకుని అతికించాను. మాది మూడు తరాల సంస్థ అని రాశాను, అది నిజమే. కార్పొరేట్ కార్యక్రమాల్లో అనుభవం ఉందని రాశాను, అది అబద్ధం. కోరితే ఉచితంగా రుచి చూపిస్తామని రాశాను, అది అవతలి వాళ్ళ వాక్యం. పది మందికైనా వెయ్యి మందికైనా ఒకే రుచి, ఏ కార్యక్రమమూ మాకు చిన్నది కాదు అని రాశాను. అదీ అవతలి వాళ్ళదే. చాలా బాగుందనిపించింది.

ప్రింటు తీసుకుని ఇంటికి తెచ్చి బావగారికి తెలుగులో చదివి వినిపించాను. పది మందికైనా అన్నచోట ఆయన చెయ్యెత్తి ఆపారు.

"పదిమందికి మనమెప్పుడు వండాంరా?"

"అలాగే రాయాలండి బావగారూ. ఇంగ్లీషులో అందరూ అలాగే రాస్తారు."

"ఓహో" అన్నారాయన. ఇంగ్లీషు సంగతి నాకు తెలుసని ఆయన నమ్మకం.

మొదటిరోజు చిరునామాలన్నీ ఒకేచోట పెట్టి ఒకేసారి పంపాను. దాంతో పాటు పెళ్ళి ఫోటోలు ఐదు జతచేశాను, అరిటాకుల బంతీ, బూరెల గంపా. సగానికి సగం తిరిగొచ్చాయి. నెట్ సెంటర్ అతను వెనకనుంచి చూసి, "అందరికీ కలిపి పెడితే చెత్త డబ్బాలో పడుద్దండి. ఒక్కోటి విడిగా పెట్టండి. ఆ ఫోటోలు తీసెయ్యండి, బరువు" అన్నాడు. మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కరికీ పంపాను. మర్నాడు చూస్తే జవాబులు వచ్చి ఉన్నాయి. గబగబా తెరిచాను. మీ దరఖాస్తు అందింది, మీ అర్హతలకి తగిన ఉద్యోగం ఖాళీ అయినప్పుడు తెలియజేస్తాం అని ఉంది. ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకునే చిరునామాలవి, ఎవరు ఏం పంపినా యంత్రం అదే జవాబిస్తుంది. ఇంటికొచ్చి చెబితే అక్క కడుపు పట్టుకుని నవ్వింది. బావగారు నిదానంగా, "ఉద్యోగం ఇస్తానంది నాకా, నీకా?" అని అడిగారు.

తర్వాత చాలా రోజులు ఏమీ లేదు. నేను రోజూ వెళ్ళి చూసి వస్తున్నాను. పెద్ద వంటాయన వీధి అరుగు మీద కూర్చుని నా ముఖం చూసేవాడు, నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి.

ఒకరోజు నిజమైన జవాబు వచ్చింది. విజయవాడలో ఒక కంపెనీ, ఫోన్లలో జవాబులిచ్చే ఆఫీసు. హెచ్ఆర్‌లో పనిచేసే ఒకావిడ రాసింది. వచ్చే నెలలో ఒక ఆదివారం ఉద్యోగుల కుటుంబాలకి విందు ఉంది, మూడువందల మంది. అదికాక నెలనెలా పుట్టినరోజుల భోజనం ఉంటుంది, ఇరవై ముప్పైమందికి, అది కూడా మీకే ఇవ్వాలన్న ఆలోచన ఉంది. ముందు మా కమిటీ రుచి చూడాలి. మేం ఆరుగురం. చిన్న కార్యక్రమాలు కూడా చేస్తామని మీరు రాశారు కాబట్టి ఆరుగురికి సరిపడా ఐదు రకాలు బుధవారం మూడింటికి తీసుకురండి. మున్సిపాలిటీ లైసెన్సు, పాన్ కార్డు నకళ్ళు కూడా తీసుకురండి. ఇంతే.

నెలనెలా పని. మూఢం లేని పని. నెట్ సెంటర్‌నుంచి దాదాపు పరిగెత్తాను. పెద్ద వంటాయన ఆ కబురు విని లేచి నిలబడి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. రేపల్లె వెళ్తానన్నతనికి ఫోను చేసి, ఆగమని చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిన మాటలు నాకు ఒక్కటీ పోకుండా గుర్తున్నాయి.

బావగారు అన్నారు: "ఓ నూరాకులకి వండుదాం. అందులోంచి ఆరుగురికి క్యారియరు సర్దుకుపోదాం. మిగిలింది ఆస్పత్రి దగ్గర పంచిపెడదాం. మనవాళ్ళకీ చేతులాడతాయి."

నేను వద్దన్నాను. సరుకులు దండగ అన్నాను. ఆ మాట కూడా నిజంగా నా మనసులోది కాదు. ఆరుగురికి తెమ్మంటే నూరుగురికి వండడం నాకు మోటుగా అనిపించింది. కంపెనీవాళ్ళ పద్ధతి వేరు, వాళ్ళు అడిగినంతే చేయాలి, రేపు నెలనెలా ఇరవైమందికే కదా వండాలి, అప్పుడు కూడా నూరాకులకి వండుతామా అని వాదించాను.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆరుగురికేగా. రోజూ ఇంట్లో ఐదుగురికి వండేదాన్ని, నేను చేసిస్తాను" అంది.

"పేరు నాది, వంట నీదా? వాళ్ళు తినబోయేది ఎవరి చెయ్యి?" అన్నారు బావగారు. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

"సరే, నువ్వన్నట్టే కానీ" అన్నారు నాతో. ఆ సరే అన్నప్పుడు ఆయన ముఖంలో బెరుకు కనిపించింది. అంతకుముందు ఏ పెళ్ళిలోనూ నేనది చూడలేదు. చూసి కూడా, కొత్త పని కదా, అలాగే ఉంటుంది అనుకున్నాను.

బుధవారం పొద్దున్నే దొడ్లో పెద్ద గ్యాసు పొయ్యి వెలిగించారు. దానిమీద అక్క ఇచ్చిన గిన్నె నిలవలేదు, ఇనప కమ్ముల మధ్యలోకి జారిపోయింది. పెద్ద వంటాయన నవ్వాపుకోలేకపోయాడు. చివరికి వంటింట్లోకే వచ్చారు. ఆ పొయ్యి ముందు బావగారు నిలబడటం నేనదే మొదటిసారి చూడటం. పులిహోర, గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, ముక్కల పులుసు, బూరెలు. పులుసు గిన్నె ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. వంగితే ముఖానికి ఆవిరి చాలటం లేదు. ఉప్పు జాడీలో చెయ్యి పెట్టి అలవాటుగా పిడికిలి నిండా తీశారు. చూసుకున్నారు. మళ్ళీ జాడీలోకి వదిలారు. రెండోసారి వేళ్ళ మధ్య కొంచెం తీశారు. అది మరీ కొంచెం అనిపించి మళ్ళీ తీశారు. వేశాక గిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు. అక్క పక్కనుంచి, "కాస్త రుచి చూడరాదూ" అంది. ఆయన గిన్నె మీద మూత పెట్టేశారు. నేను గడియారం చూస్తున్నాను.

కారు మాట్లాడుకుని దుగ్గిరాల మీదుగా వెళ్ళాం. గేటు దగ్గర పేర్లు రాయించుకుని మెడలో వేసుకునే కార్డులు ఇచ్చారు. మూడో అంతస్తులో పొడుగు బల్ల ఉన్న గది. మంట పెట్టడానికి వీల్లేదన్నారు. పక్కన చిన్న గదిలో మైక్రోవేవ్ ఉంటే అందులో వేడిచేశారు. బూరెలు అందులో మెత్తబడిపోయాయి. కాగితం ప్లేట్లు, ప్లాస్టిక్ చెంచాలు వాళ్ళే పెట్టారు. ఆరుగురూ వచ్చారు. ఉత్తరం రాసినావిడ చాలా మర్యాదగా ఉంది, పాతికేళ్ళుంటాయేమో. ఒక్కొక్కరి ముందూ ఒక కాగితం పెట్టింది. అందులో ఒక్కో వంటకానికీ ఎదురుగా మార్కులు వేయాలి. అప్పటికే వాళ్ళు మధ్యాహ్నం భోజనాలు చేసి ఉన్నారు.

బావగారు గోడ దగ్గర నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. బంతి నడుస్తుంటే వెనకనుంచి తిరుగుతూ ఆయన ఆకుల్ని చూసేవారు, ముఖాల్ని చూసేవారు కాదు. దేనికి బాగా అన్నం కలుపుతున్నారో, దేన్ని ఆకు చివరికి తోసేశారో చూస్తే ఆయనకి తెలిసిపోయేది. ఇక్కడ కలిపేందుకు అన్నం లేదు, కలిపే చేతులు లేవు. చెంచాతో ఒక చుక్క నాలుక మీద పెట్టుకుని, కాగితం మీద ఏదో రాసి, తర్వాతదానికి పోతున్నారు. పులుసు దగ్గర ఒకాయన మంచినీళ్ళ సీసా అందుకున్నాడు. ఇంకొకావిడ వంకాయ కూర చప్పగా ఉందన్నట్టు పక్కావిడతో ఇంగ్లీషులో మెల్లగా అంది. పులిహోర బాగుందని ఒకరన్నారు. అంతా పావుగంటలో అయిపోయింది. థాంక్యూ అన్నారు, మెయిల్ చేస్తామన్నారు.

బావగారికి ఇంగ్లీషు రాదు. నావైపు చూశారు. నేను ఆయన వైపు చూడకుండా క్యారియర్లు సర్దాను.

తిరుగుదారిలో దుగ్గిరాల దాటాక కారు ఆపమన్నారు. కాలవ గట్టున దిగి, క్యారియర్లోంచి అడుగున మిగిలిన పులుసు అరచేతిలో పోసుకుని నాకారు. తర్వాత వంకాయ కూర తీసి చూశారు. ఆయన తను వండింది అలా రుచి చూడటం నేనెరగను.

"ఎంత ఉప్పురా" అన్నారు. వంకాయ కూర చూపించి, "ఇందులో అసలు లేదు" అన్నారు. చెయ్యి కాలవలో కడుక్కుని వచ్చి కూర్చున్నారు. తెనాలి వచ్చేదాకా కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూనే ఉన్నారు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇది మీ చెయ్యి తప్పు కాదు బావగారూ, నూరాకులకి వండనిస్తే ఇలా అయ్యేది కాదు, పదిమందికైనా అని రాసింది నేను, ఆరుగురికే అని పట్టుబట్టింది నేను అని. నాలుగు ముక్కలు. కారులో డ్రైవరున్నాడని ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక అక్క ఉందని ఊరుకున్నాను.

వారం తర్వాత మెయిల్ వచ్చింది. మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు, ఈసారికి వేరే వారితో ముందుకు వెళుతున్నాం. కారణం రాయలేదు. నేనే ఫోను చేశాను. ఆవిడ పాపం ఇబ్బందిపడుతూ, "ఒక్కో ఐటమ్ ఒక్కోలా ఉందండి. చిన్న గ్రూపులకి చేస్తామన్నారు కదా, అందుకని…" అంది.

నెట్ సెంటర్ బయటే టీ బడ్డీ ఉండేది. పెద్ద వంటాయనా, ఇంకో ఇద్దరూ అక్కడ నాకోసం నిలబడి ఉన్నారు. ఏమైంది బాబూ అని అడిగాడాయన. ఎందుకు వద్దన్నారట అని అడిగాడు. మెయిల్లో నేను రాసిన మాటే మా కొంప ముంచిందని ఆ ముగ్గురి ముందూ చెప్పలేకపోయాను. అంతకు రెండురోజుల ముందే నేనతనికి కంపెనీల పద్ధతుల గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను.

"ఏం చేస్తాం. బావగారి చెయ్యి పోయింది" అన్నాను.

టీ గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. అంత తేలిగ్గా అన్నాను ఆ మాట. వంటవాళ్ళలో ఆ మాటకి ఉండే బరువు నాకు తెలియదని ఇప్పటికీ ఒక్కోసారి నాకు నేను చెప్పుకుంటాను. తెలుసు. పాటగాడికి గొంతు పోయిందనడమూ, వంటవాడికి చెయ్యి పోయిందనడమూ ఒకటే.

పెద్ద వంటాయన ఆ నెలలోనే వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. వెళ్ళినచోట అడుగుతారు కదా, ఇరవయ్యేళ్ళ చోటు ఎందుకు వదిలావని. చెప్పి ఉంటాడు. అందులో అతని తప్పేముంది. విన్నది సొంత బావమరిది నోటినుంచి.

శ్రావణంలో ముహూర్తాలు వచ్చాయి. చెరుకుపల్లిలో ఎప్పుడూ మమ్మల్నే పిలిచే ఇంటివారు ఈసారి పిలవలేదు. పిట్టలవానిపాలెం రైతు మనవడి పంచెల వేడుకకి మాట్లాడటానికి వచ్చి, వెళ్ళబోతూ, "ఏమనుకోకండి, ముందు మావాడొకడు రుచి చూస్తాడండి" అన్నాడు. ముగ్గురు కూతుళ్ళ పెళ్ళిళ్ళకీ వండించుకున్న మనిషి. బావగారు అలాగేనండి అన్నారు. ఆయన వెళ్ళాక నన్ను పిలిచి, "వాళ్ళకెలా తెలిసిందిరా?" అని అడిగారు. నా జవాబు కోసం ఆయన ఎదురుచూడలేదు. వాళ్ళకి తెలిసింది అంటున్నారు. అంటే తన చెయ్యి పోయిందన్నది నిజమే అని ఆయన నమ్మేశారు.

రేపల్లెలో ఎనిమిదివందల ఆకుల పెళ్ళి ఒకటి మిగిలింది. దానికి నేనూ వెళ్ళాను. గాడిపొయ్యి, గుండిగలు, అన్నీ ఎప్పటిలాగే. బావగారు పులుసు గుండిగ చుట్టూ తిరిగారు, దోసిట్లో ఉప్పు తీశారు, వేశారు. నేను చూస్తూనే ఉన్నాను, ఎప్పటిలాగే వేశారు. అక్కడితో అయిపోవాలి. కానీ ఆయన అక్కడే నిలబడ్డారు. కొత్తగా చేరిన వంటవాణ్ణి పిలిచి, గరిటెతో కొంచెం తీసి, "చూడు" అన్నారు. దేవుడి ఆకు ఇంకా వేయలేదు. వాడు కొత్తవాడు, ఏం చెప్పాలో తెలియక, "ఇంకొంచెం ఉప్పు పడుద్దేమోనండి" అన్నాడు. ఇంకోణ్ణి పిలిచారు. వాడు సరిపోయిందన్నాడు. బావగారు ఇద్దరి ముఖాలూ చూశారు. తర్వాత నా ముఖం చూశారు.

"నువ్వు చూడరా" అన్నారు.

నన్ను వంట దగ్గరికి రానివ్వని మనిషి. గరిటె అందుకున్నాను. పులుసు బ్రహ్మాండంగా ఉంది. ఏ లోపమూ లేదు. "బాగుందండి, సరిగ్గా ఉంది" అన్నాను. ఆయన తల ఊపారు. నామీద నమ్మకం లేదని కాదు. నేను ఆయన్ని ఊరడించడానికి అంటున్నానని అనుకున్నారు. నేను అటు తిరగ్గానే ఇంకో పిడికెడు వేశారు. కాసేపాగి ఇంకొకటి.

మొదటి బంతిలోనే తెలిసిపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. గోదావరి జిల్లా వియ్యంకులు, మర్యాదస్తులు. పులుసు కలిపిన అన్నం ఆకుల మీద అలాగే వదిలేసి పెరుగు పోయించుకున్నారు. ఆకుల వెంట నడుస్తూ బావగారు అది చూశారు. బంతి మధ్యలో ఆగిపోయారు. వడ్డించే కుర్రాళ్ళు ఆయన్ని తప్పుకుని అటూ ఇటూ పోతున్నారు. పెళ్ళికూతురి తండ్రి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, పోనివ్వండి, ఏదో అవుతుంది, మజ్జిగ పులుసు ఉందిగా అన్నాడు. ఆ ఓదార్పు నేను వినలేకపోయాను.

ఆ తర్వాత మేం పెళ్ళిళ్ళు ఒప్పుకోలేదు. గుండిగలు అమ్మేశారు. నేను గుంటూరులో ఒక కొరియర్ ఆఫీసులో చేరాను. బావగారు బాపట్లలో ఒక కాలేజీ హాస్టల్ మెస్సులో వంటకి కుదిరారు. అక్కా ఆయనా అక్కడే గది తీసుకున్నారు.

ఒక ఏడాదిన్నర తర్వాత వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. మెస్సు వెనక రేకుల షెడ్డులో ఉన్నారు. నేను వెళ్ళేసరికి సాంబారులో ఉప్పు వేస్తున్నారు. చుట్టూ తిరిగారు, దోసిట్లో తీశారు, వేశారు. ఎవర్నీ పిలవలేదు. తర్వాత పిల్లలు బల్లల దగ్గర తింటుంటే చూశాను, మళ్ళీ మళ్ళీ పోయించుకుంటున్నారు.

"ఇక్కడ ఎంతమందండీ?" అని అడిగాను.

"రెండొందల పైనే. ఆరుగురుంటే నన్నెందుకు పెట్టుకుంటారు?" అన్నారు. నవ్వారు కూడా. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చింది. అంతా చెప్పాను. మెయిల్లో మాట, నూరాకులు వద్దన్నది, టీ బడ్డీ దగ్గర అన్నది. ఆయన గరిటె కడుగుతూ విన్నారు.

"నువ్వన్నావని అప్పుడే విన్నాన్లే" అన్నారు.

ఆ మాట తప్పని ఇప్పుడైనా అందరికీ చెబుతానండి అన్నాను.

"ఎవరికని చెబుతావు? ఊరూరికీ మెయిల్ పెడతావా?" అన్నారు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగారు. "నువ్వన్నందుకు కాదురా. నేను నమ్మాను చూడు. ముప్పయ్యేళ్ళ చెయ్యి, ఒక్క పూట వంటకే పోయిందని నమ్మాను." తర్వాత నాకు భోజనం పెట్టమని కుర్రాడితో చెప్పి లోపలికి వెళ్ళారు. పెళ్ళి వంటలు మళ్ళీ మొదలుపెడదామని నేనంటే ఒప్పుకోలేదు. పిలిచేవాళ్ళు కూడా లేరు.

అయినా నేను చెప్పాలనుకున్నాను. తెనాలిలో పాత వంటవాళ్ళకి చెప్పాను. కొందరు, ఆ రోజులు వేరండీ అని మాట మార్చారు. పెద్ద వంటాయన అప్పటికి కాలం చేశాడు. పిట్టలవానిపాలెం రైతు పెద్దవాడైపోయాడు, ఆయనకి చెవులు వినపడటం లేదు. కొడుకుతో చెబితే, "అవునా అండి" అని టీ ఇప్పించాడు.

ఈమధ్య చెరుకుపల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బఫే. చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి తింటుంటే, పక్కన ఒక పెద్దాయన సాంబారు బాగాలేదని విసుక్కుంటూ, "మా ఇంట్లో తెనాలి ఆయన వండేవాడండి. ఆ పులుసు మళ్ళీ ఎక్కడా తినలేదు. చివర్లో చెయ్యి పోయింది పాపం" అన్నాడు. ఏళ్ళ క్రితం మమ్మల్ని పిలవడం మానేసిన ఇంటివారే. నన్ను గుర్తుపట్టలేదు.

అది నిజం కాదండి, ఆయన చెయ్యి చివరిదాకా బాగానే ఉంది అన్నాను.

"మీకు తెలీదు లెండి" అన్నాడాయన. "సొంత బావమరిదే చెప్పాడంట. ఇంట్లోవాడు అబద్ధమెందుకు చెబుతాడు?"

"ఆ బావమరిది నేనేనండి" అన్నాను.

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మరింకేం. నువ్వే చెప్పావుగా" అన్నాడు. ఎవరో పిలిస్తే అటు వెళ్ళిపోయాడు. నేను చెప్పాల్సిన మిగతాదంతా నా దగ్గరే ఉండిపోయింది.